కోడ్ లేని గంటలు

శనివారం సాయంత్రం అయిదింటికి మా ఆఫీసులో టైమ్‌షీట్లకు తాళం పడుతుంది. ఆ తరువాత ఎవరూ ఏమీ మార్చడానికి వీల్లేదు. అప్పుడు నేను కుర్చీ వెనక్కి వాల్చుకుని, వారమంతా ఎవరెక్కడ తిరిగారో తీరిగ్గా చదువుకునేదాన్ని.

గవర్నర్‌పేటలో రెండో అంతస్తు మాది. కింద లాడ్జి, పక్కన ప్లాస్టిక్ బకెట్ల హోల్‌సేల్ కొట్టు. మేం చేసేది నీళ్ళ పని. మంచినీళ్ళ పథకాలకు, మురుగు కాలువలకు సర్వే చేసి, డిజైన్లు గీసి ఇస్తాం. నలభై మందిమి. నేను అకౌంట్స్ చూసే శివపార్వతిని. కిటికీలోంచి ఏలూరు కాలువ కూడా కనబడని సీట్లో పద్దెనిమిదేళ్ళు కూర్చున్నాను. అయినా ఆ శనివారాల్లో దివిసీమ అంతా తిరిగేదాన్ని.

ఎందుకంటే టైమ్‌షీట్‌లో ప్రతి వరుసకీ చివర వ్యాఖ్య అని చిన్న గడి ఉంటుంది. ముందు ప్రాజెక్టు కోడ్, తరువాత చేసిన పని, తరువాత గంటలు, ఆఖరున అరవై అక్షరాల్లో ఏం జరిగిందో రాయాలి. మావాళ్ళు తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవారు. "బల్లకట్టు కోసం ఆగాం, గంటన్నర." "మబ్బు పట్టింది, లెవెల్ కనపడలేదు." "పొగమంచు, పదింటి దాకా ఖాళీ." చదువుతూ ఉంటే నా ఫ్యాను చప్పుడు ఏటిగాలిలా మారిపోయేది. బల్లకట్టు ఒడ్డు నుంచి మెల్లగా జరిగేది. ఎవరైనా వచ్చి "మేడం, వోచరు" అన్నారంటే ఒళ్ళు మండేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆఫీసంతా అనుకుంటారు. నిజమే, ఉంటుంది.

ఆ వ్యాఖ్యల్లో నాకు బాగా ఇష్టమైనవి ఖాజా మొహిద్దీన్ గారివి.

ఖాజా గారిది కొండపల్లి. వాళ్ళ నాన్నకు స్టేషన్ దగ్గర సైకిల్ షాపు ఉండేది. పదహారేళ్ళకే సర్వే గొలుసు లాగే పనిలో చేరాడు. ఎండలో గొలుసు లాగుతూ, పక్కవాళ్ళు దుర్భిణిలోంచి ఏం చూస్తున్నారో అడిగి తెలుసుకుని, ఆ పనీ నేర్చుకున్నాడు. మా సారు వెంకటకృష్ణారావు గారు కంపెనీ పెట్టిన రోజు చేరిన మొదటి మనిషి ఆయనే. ఇప్పుడు సర్వే విభాగానికి పెద్ద. నలుగురు మనుషులు, ఒక జీపు ఆయన చేతికింద ఉండేవి. నేలమీద నిలబడి కళ్ళు సగం మూసి, "ఇటు పోతాయండీ నీళ్ళు" అనేవాడు. తరువాత మట్టం కొలిచే లెవెల్ పెట్టి చూస్తే అటే పోయేవి.

ఇంత తెలిసిన మనిషికి ఒక్కటి చేతకాదు. ఎవరికీ కాదని చెప్పలేడు. అంత మొహమాటం. క్యాంటీన్‌లో చల్లారిన టీ ఇచ్చినా తాగేసి, బాగుందని చెప్పి మరీ వెళ్ళేవాడు.

రెండు వేల నాలుగులో మా ఆఫీసుకి ఈఆర్పీ అనే కంప్యూటర్ లెక్కల సిస్టమ్ వచ్చింది. హైదరాబాదు నుంచి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి నెల రోజులు కూర్చున్నారు. అప్పటిదాకా హాజరు పుస్తకం, జీతాల రిజిస్టరు, బిల్లుల ఫైలు దేనికదే. ఇక మీదట అన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయని చెప్పారు. ఒక మనిషి పనిచేసిన గంటను ఆ మనిషి గంట ఖరీదుతో గుణించి, ఆ ప్రాజెక్టు ఖర్చులో వేస్తుంది. ప్రాజెక్టులో ఒక మైలురాయి పూర్తయిందని పెడితే బిల్లు తయారవుతుంది, అది ఆదాయంలోకి వెళుతుంది. ఆదాయంలోంచి ఖర్చు తీసేస్తే ఏ ప్రాజెక్టు మనకు అన్నం పెడుతోందో, ఏది మన అన్నం తింటోందో కనబడుతుంది.

ఆ కుర్రాళ్ళు అడిగారు, "ఒప్పందం లేని పనులకు, ఖాళీగా ఉన్న గంటలకు కూడా కోడ్లు పెట్టమంటారా?" అని.

"ఖాళీగా కూర్చునే పని మా దగ్గర లేదు. సంతకం అయిన ప్రాజెక్టుకు తప్ప ఎవడూ గంట రాయకూడదు" అన్నారు సారు. నేను పక్కనే ఉన్నాను. భలే బాగా చెప్పారనుకుని తల ఊపాను. ఆ తల ఊపుడు నన్ను చాలా రోజులు వేధించింది.

రెండేళ్ళ పాటు సారు కంపెనీ మొత్తం లాభం చూసి ఊరుకునేవారు. రెండు వేల ఆరు సెప్టెంబరులో మొదటిసారి ప్రాజెక్టు వారీగా లాభనష్టాలు తీసి ఇమ్మన్నారు. తీశాను. పదకొండు ప్రాజెక్టుల్లో పది నల్లగా ఉన్నాయి. ఒక్కటే నష్టంలో ఎర్రగా ఉంది. నాగాయలంక మంచినీళ్ళ పథకం. ఖాజా గారిది.

"ఏడు లక్షల ఆదాయం, ఎనిమిది లక్షల అరవై వేల ఖర్చా?" సారు కాగితం బల్లమీద పెట్టారు. "ఇరవై ఏళ్ళ నుంచి సర్వే చేస్తున్నావు కదయ్యా ఖాజా. లక్షా అరవై వేలు ఎక్కడ పోశావు?"

ఖాజా గారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "పొరపాటు నాదేనండీ" అన్నాడు.

నేను కల్పించుకున్నాను. "అది పన్నెండు లక్షల ఒప్పందం సార్. సర్వే రిపోర్టుకు మూడు లక్షలు, మొదటి డిజైనుకు నాలుగు వచ్చాయి. ఆఖరి డ్రాయింగుల మైలురాయి ఇంకా కాలేదు. అది అయితే మిగతా అయిదు లక్షలు వస్తాయి. ఖర్చు వారం వారం పడుతుంది, ఆదాయం మైలురాయి దగ్గరే పడుతుంది. మధ్యలో చూస్తే ఎర్రగానే కనపడొచ్చు."

"మరి గంటలు?" అన్నారు సారు. ఆయన చదువుకున్న ఇంజనీరు, నా మాటకు పడిపోయే మనిషి కాదు. "ఇప్పటిదాకా అయిన పనికి మనం వేసుకున్న అంచనా నాలుగు వేల రెండు వందల గంటలు. రాసింది ఆరు వేలు. పద్దెనిమిది వందల గంటలు ఎక్కువ. మైలురాయి వస్తే ఆ గంటలు వెనక్కొస్తాయా?"

నేను ఖాజా గారి వైపు చూశాను. జవాబు ఆయన దగ్గరే ఉండాలి. ఆయన నేల చూస్తున్నాడు.

"సర్వే బయటివాళ్ళకిచ్చుకుంటే సగం ఖర్చులో అవుతుంది. ఈ నెలాఖరుకు ఆ విభాగం ఎత్తేద్దాం. అయిదుగురికీ రావాల్సినవి లెక్క కట్టి ఉత్తరాలు తయారు చెయ్యండి పార్వతి గారూ" అని సారు లేచి వెళ్ళిపోయారు.

అయిదుగురంటే ఖాజా గారు, సొలొమోను, అఫ్జల్, ఇంకా ఇద్దరు. సొలొమోనుకి గుణదలలో కొత్తగా కట్టుకున్న ఇంటికి పైకప్పు ఇంకా పడలేదు. ఖాజా గారికి నలభై తొమ్మిదేళ్ళు. ఆ వయసులో లెవెల్ భుజాన వేసుకుని ఎవరి గుమ్మం ఎక్కుతాడు? నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఏడుపు ఆయన కోసం. కోపం కూడా ఆయన మీదే.

ఉత్తరాలు మొదలుపెట్టలేదు. నాగాయలంక టైమ్‌షీట్లు మొదటి నుంచీ తెరిచాను. శనివారం కాదు, మంగళవారం మధ్యాహ్నం. బయట ఎండ తెల్లగా ఉంది. వరుసల వెంట దిగుతూ పోతుంటే నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో ఉన్నట్టయింది. బల్లకట్టు, మడచెట్లు, బురదలో దిగబడిన జీపు, ఎవరో పెట్టిన ముంజెలు. అన్నీ నేను చూసిన చోట్లే అనిపించాయి.

అప్పుడు ఒక వరుస నన్ను ఆపింది. సొలొమోను, నాలుగు గంటలు. "సారు గారి ఊరి చెరువు, గట్టు కొలతలు."

నాగాయలంక పథకంలో సారు గారి ఊరు లేదు. సారుది గుల్లలంక. కాలువ చిట్టచివర, సముద్రానికి దగ్గరగా ఉంటుంది. వేసవిలో అక్కడి బావుల్లో నీళ్ళు నోట పెట్టుకోలేనంత ఉప్పగా ఉంటాయని ఆయనే ఎప్పుడో చెప్పారు.

వెనక్కి వెళ్ళాను. ముందుకి వెళ్ళాను. "గుల్లలంక కాలువ మట్టాలు." "సారు ఊరు, తూము డ్రాయింగు, రెండోసారి." "గుల్లలంక, రావమ్మ గారు అన్నం పెట్టారు, ఎండ." రావమ్మ గారంటే సారు వాళ్ళమ్మ. ఒక్కొక్కటీ ఏరి పక్కన పెట్టుకుంటూ పోయాను. రెండు వేల అయిదు ఏప్రిల్ నుంచి ఆరు ఫిబ్రవరి దాకా నాలుగు వందల పన్నెండు వరుసలు. మొత్తం పద్దెనిమిది వందల నలభై గంటలు. నలుగురు మనుషులవి. అన్నీ నాగాయలంక కోడ్ మీదే ఉన్నాయి.

తీసేసి చూశాను. గంటకు సగటున నూట పాతిక రూపాయల చొప్పున రెండు లక్షల ముప్ఫై వేలు. అవి పోతే నాగాయలంక ఖర్చు ఆరు లక్షల ముప్ఫై వేలు. డెబ్భై వేలు లాభం. గంటలు నాలుగు వేల నూట అరవై. అంచనా కంటే నలభై తక్కువే. ఆ ఎరుపు నాగాయలంకది కాదు, గుల్లలంకది.

ఆయన్ని మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"గుల్లలంక సంగతి సారుకి ఎందుకు చెప్పలేదండీ?"

ఉలిక్కిపడ్డాడు. తరువాత నవ్వాడు. "మీరు వ్యాఖ్యలు చదువుతారా మేడం? ఎవరూ చదవరని మా సర్వే పిల్లలు రాశారండీ."

"చదువుతాను. చెప్పండి."

"నిరుడు వేసవిలో సారు వాళ్ళమ్మ గారిని చూసొచ్చారు. భోజనాల వేళ నా పక్కన కూర్చుని, మా ఊరికి నీళ్ళొచ్చే దారేమైనా ఉందేమో కాస్త చూడు ఖాజా అన్నారు. ఇరవై రెండేళ్ళలో ఆయన నన్ను సొంతానికి అడిగింది అదొక్కటేనండీ. సరేనన్నాను. పిల్లల్ని పంపాను. శనివారం టైమ్‌షీట్ దగ్గర కూర్చుంటే కోడ్ వెయ్యందే ముందుకు పోదు. గుల్లలంకకి కోడ్ లేదు. ఏం వెయ్యమంటారు సార్ అని వెళ్ళి అడగాలి."

"అడగాలి మరి!"

"ఎట్లా అడగనండీ? మీ ఊరి పని ఏ లెక్కలో రాయమంటారు అంటే, నా పనికి లెక్కలడుగుతున్నాడనుకోరూ? దగ్గర్లో ఉన్న పని నాగాయలంకే కదా, అందులో వెయ్యమన్నాను. సంతకమూ నాదే."

"ఉద్యోగం పోతోంది, తెలుస్తోందా?"

"ఇప్పుడు చెబితే సారుని తప్పు పట్టినట్టవుతుంది. వద్దు మేడం. నా మాట వినండి."

ఆయన మాట వింటే అయిదు ఇళ్ళు వీధిన పడతాయి. వినకపోతే ఇరవై రెండేళ్ళు దాచుకున్న మర్యాద పోతుంది. కింద ఎవరో బకెట్లు ఒకదానిలో ఒకటి పేరుస్తున్నారు. ఆ చప్పుడు చాలా దూరం నుంచి వస్తున్నట్టుంది. ఈ మనిషి మీద ఇంత కోపం ఎందుకొస్తోందో అప్పుడు తెలిసింది. ఆయనంటే నాకు అంత గౌరవం.

"నేను ఎవరితోనూ ఏమీ చెప్పను" అన్నాను. అబద్ధం ఆడలేదు.

నా సీట్లోకి వచ్చి కొత్త ప్రాజెక్టు తెరిచాను. పేరు గుల్లలంక చెరువు. రకం: సొంత పని, బిల్లు లేదు. ఒప్పందం విలువ సున్నా. మైలురాళ్ళు లేవు. ప్రాజెక్టు మేనేజరు అనే గడి ఖాళీగా ఉంటే సిస్టమ్ ఒప్పుకోదు. అక్కడ వెంకటకృష్ణారావు గారి పేరు పెట్టాను. పని అడిగిన మనిషి ఆయనే కదా.

ఒకసారి ఖర్చులోకి ఎక్కిన గంటని చెరిపెయ్యడం కుదరదు. పాత ప్రాజెక్టులో అదే గంటను మైనస్ వేసి, కొత్త ప్రాజెక్టులో ప్లస్ వెయ్యాలి. కొత్త ప్రాజెక్టు మేనేజరు ఆమోదిస్తే గానీ ఆ మార్పు నిలవదు. నాగాయలంక బిల్లుకి దీనితో సంబంధం లేదు, అది గంటల మీద కాదు, మైలురాయి మీద వచ్చేది. రెండు రోజులు కూర్చుని నాలుగు వందల పన్నెండు వరుసలూ మార్చాను. వ్యాఖ్యలు మాత్రం ముట్టుకోలేదు.

గురువారం మధ్యాహ్నం సారు గదిలోకి పిలిచారు.

"ఆమోదం కోసం నా దగ్గర నాలుగు వందల పన్నెండు ఉన్నాయంటోంది. ఏమిటమ్మా ఇవి?"

"మీ ప్రాజెక్టువండీ. చదివి చూడండి. వద్దనుకుంటే తిప్పి పంపొచ్చు" అని తలుపు దగ్గరే నిలబడ్డాను.

ఆయన మొదటి వరుస చదివారు. రెండోది చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అన్నిటికీ కలిపి ఒకేసారి ఆమోదం పెట్టే బొత్తాం పైనే ఉంది. ఆయన అది నొక్కలేదు. ఒక్కొక్క వరుస తెరిచి, చదివి, ఒక్కొక్కటిగా ఆమోదించసాగారు. ప్రతిసారీ ఒక చిన్న పెట్టె వచ్చేది: ఈ ప్రాజెక్టుకు బడ్జెట్ లేదు, కొనసాగించాలా? ఆయన అవునని నొక్కేవారు. ఎండ కిటికీ మీద నుంచి ఫైళ్ళ మీదకు, అక్కడ నుంచి గోడ మీదకు పాకింది. నన్ను వెళ్ళమనలేదు, కూర్చోమనలేదు. ఆయన ఆ గదిలో లేరు. వాళ్ళమ్మ గారి అరుగు మీద ఉన్నారు, గట్టు మీద నడుస్తున్నారు. అక్కడికి ఎట్లా వెళతారో నాకు తెలుసు గనక నేనూ కదలలేదు.

అయిదు దాటాక ఖాజా గారిని పిలిపించారు. ఆయన వస్తూనే నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

"కాస్త చూడమన్నాను. పద్దెనిమిది వందల నలభై గంటలు చూశావు" అన్నారు సారు.

"పిల్లలు బాగా చేశారండీ."

"నేనడిగిన పనికి నిన్నే మందలించాను. నాకు సిగ్గుగా ఉంది ఖాజా."

"అయ్యో, అంత మాటెందుకండీ."

"ఆ ఉత్తరాలు అక్కర్లేదమ్మా" అన్నారు నాతో. నేను వాటిని మొదలే పెట్టలేదని చెప్పలేదు. సారు మళ్ళీ తెర వైపు తిరిగారు. "ఇందులో సొలొమోను ఉన్నాడు, అఫ్జల్ ఉన్నాడు. నీ పేరు ఒక్క చోటా లేదేమిటి? ఫిబ్రవరి తరువాత అసలు ఎవరి పేరూ లేదు. పని ఆపేశావా?"

ఖాజా గారు భుజాన ఉన్న సంచిని ముందుకు లాక్కున్నాడు.

"ఫిబ్రవరిలో మట్టాలన్నీ కలిపి చూశానండీ. కాలువ చివర నీటిమట్టం మన చెరువు నేల కన్నా అడుగున్నర కింద ఉంది. నీళ్ళు ఎక్కవు సార్. మోటారు పెట్టి తోడితే వేసవిలో ఉప్పు లాగుతుంది. ఇక పిల్లల గంటలు వాడటం న్యాయం కాదనిపించింది. పైనుంచి వేరే దారేమైనా ఉందేమోనని నేనొక్కణ్ణే ఆదివారాలు వెళుతున్నానండీ. ఎక్కవని మీకు చెప్పడానికి నోరు రాలేదు."

"ఎన్ని ఆదివారాలు?"

సంచిలోంచి సర్వే పుస్తకం తీసి ఇచ్చాడు. ప్రతి పేజీ మీదా తేదీ ఉంది. సారు లెక్కపెట్టారు. ముప్ఫై ఒకటి. చివరిది మొన్నటి ఆదివారం.

"దొరికిందా దారి?"

"ఇంకా లేదండీ."

సారు పుస్తకం మూసి నా చేతికిచ్చారు. "ఇవి కూడా ఎక్కించండి."

"ఆదివారానికి సిస్టమ్ గంటలు తీసుకోదండీ. సెలవని పెట్టాం" అన్నాను.

"తెరవండి."

"నష్టం పెరుగుతుంది సార్" అన్నాడు ఖాజా గారు. నిజంగా భయపడుతూ అన్నాడు.

"పెరగనీ."

అక్కడే కూర్చుని ఆదివారాలు తెరిచాను. ముప్ఫై ఒక్క రోజులు, రోజుకి ఆరు గంటలు. నూట ఎనభై ఆరు. ఖాజా గారి గంట రెండు వందల ఇరవై. గుల్లలంక నష్టం రెండు లక్షల డెబ్భై వేల తొమ్మిది వందల ఇరవైకి చేరింది. సారు ముప్ఫై ఒక్క సార్లూ అవునని నొక్కారు.

"వచ్చే ఆదివారం కూడా తెరిచి ఉంచండి. నేనూ వెళతాను" అన్నారు. "నా గంటలు కూడా పడాలి."

సారు పేరు ఉద్యోగుల జాబితాలో లేదు. యజమాని కదా, ఎప్పుడూ టైమ్‌షీట్ రాయలేదు. కొత్తగా చేర్చాను. పేరు పెట్టాను, చేరిన తేదీ పెట్టాను. గంట ఖరీదు అనే గడి దగ్గర సిస్టమ్ ఆగింది.

"మీ గంటకి ఎంత వెయ్యమంటారండీ?" అని అడిగాను.

ఆయన ఖాజా గారి వైపు చూశారు. "అతనిదెంతో అంతే వెయ్యండి" అన్నారు.

రెండు వందల ఇరవై అని వేశాను.